రిజెక్ట్ అయ్యాక ఇంటర్వ్యూయర్‌కు థాంక్స్ చెప్పడం, ఫీడ్‌బ్యాక్ అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం రాలేదని మెయిల్ వచ్చిన రోజు చాలామంది అడిగే ప్రశ్నలివి. అభ్యర్థిగా ఇంటర్వ్యూలకు వెళ్లిన అనుభవంతో, ప్యానెల్‌లో కూర్చుని మార్కులు వేసిన అనుభవంతో జవాబులు రాశాను. వరసగా చదవక్కర్లేదు. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రాయడానికి ముందు

వద్దన్నవాళ్లకు నేను థాంక్స్ చెప్పడమేంటి? దానివల్ల ఒరిగేదేముంది?

వాళ్ల నిర్ణయం మారదు. ఆ ఆశతో రాసేటట్టయితే అసలు రాయకపోవడమే మంచిది, ఎందుకంటే ఆ ఆశ ప్రతి వాక్యంలోనూ కనపడిపోతుంది.

దీనివల్ల రెండు ఉపయోగాలున్నాయి. మిమ్మల్ని ముఖాముఖి చూసిన మనిషి దగ్గర మీ పనితీరు గురించి మీకు కనపడని విషయం ఒకటి ఉంటుంది, అది తెలుసుకునే అవకాశం ఈ ఉత్తరమే. రెండోది, చివరి రౌండ్ దాకా వచ్చి ఆగిపోయిన వాళ్లకు సంబంధించింది. మొదట ఎంపికైన మనిషి ఆఫర్ కాదనడం, చేరతానని చేరకపోవడం, రెండు నెలలకే మానేయడం అరుదేమీ కాదు. అప్పుడు మేనేజర్ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకుండా, పాత జాబితాలో తర్వాతి పేరు చూస్తారు. ఆ పేరు తలుచుకోగానే హుందాగా రాసిన నాలుగు వాక్యాలు గుర్తొస్తే మంచిదే. దీనికి గ్యారంటీ లేదు. రాయడానికి పట్టేది మాత్రం పావుగంటే.

ఎవరికి పంపాలి? హెచ్‌ఆర్‌కా, ఇంటర్వ్యూ చేసిన మేనేజర్‌కా?

రిజెక్షన్ మెయిల్ ఎవరి నుంచి వస్తే ముందు వాళ్లకే. చాలాసార్లు అది రిక్రూటర్. తేదీలు కుదర్చడం, రౌండ్లు నడిపించడం ఆయన పని. మీరు కోడ్ ఎలా రాశారో, కేస్ స్టడీ ఎలా చెప్పారో ఆయన చూడలేదు. కాబట్టి ఆయనకు థాంక్స్ చెప్పండి, ఫీడ్‌బ్యాక్ ఏమైనా అందితే పంపమని అడగండి.

అసలు ప్రశ్న అడగాల్సింది మిమ్మల్ని స్వయంగా చూసినవాళ్లను. ఇంటర్వ్యూ షెడ్యూల్ చేస్తూ ఆ మేనేజర్ మీకు నేరుగా మెయిల్ రాసి ఉంటే, లేదా ఏదైనా ఉంటే నాకు రాయండి అని చెప్పి ఉంటే, ఆయనకు విడిగా రాయొచ్చు. చిరునామా మీకు ఇవ్వనప్పుడు ఊహించి, కంపెనీ పేరు చివర తగిలించి పంపడం వద్దు. ఫోన్ నంబర్ వెతికి పట్టుకుని మెసేజ్ చేయడం అంతకంటే ఇబ్బంది.

రిజెక్షన్ `noreply@` అనే చిరునామా నుంచి వచ్చింది. ఇప్పుడెలా?

దానికి జవాబిస్తే ఎవరూ చదవరు. అది దరఖాస్తులు నడిపే సాఫ్ట్‌వేర్ పంపింది, స్టేటస్ మార్చగానే వెళ్లిపోతుంది. మీ మెయిల్‌బాక్స్‌లో ఇంటర్వ్యూ ఖరారు చేస్తూ ఒక మనిషి రాసిన పాత మెయిల్ ఉంటుంది. దాన్ని తెరిచి అక్కడే `Reply` నొక్కండి. పాత సంభాషణ కిందే కనపడుతుంది కాబట్టి మీరెవరో, ఏ పోస్టుకు వచ్చారో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు.

వార్త తెలియగానే రాయాలా, కొన్నాళ్లు ఆగాలా?

ఒక రాత్రి ఆగండి. కోపంలోనో ఏడుపులోనో రాసింది ఎంత జాగ్రత్తగా రాసినా ఎక్కడో ఒక మాటలో బయటపడుతుంది. మర్నాడు రాసి పంపేయండి, రెండు రోజులు దాటనివ్వకండి.

తొందరకు కారణం మర్యాద ఒక్కటే కాదు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు అదే వారంలో ఇంకా నలుగురైదుగురిని చూస్తారు. రోజులు గడిచేకొద్దీ మీ జవాబులు, పక్కవాళ్ల జవాబులు వాళ్ల బుర్రలో కలిసిపోతాయి. మూడు వారాల తర్వాత అడిగితే, ఇవ్వాలని ఉన్నా ఇవ్వడానికి వాళ్ల దగ్గర పనికొచ్చే జ్ఞాపకం మిగలదు.

రెజ్యూమె దశలోనే తీసేశారు. అయినా ఫీడ్‌బ్యాక్ అడగొచ్చా?

అడగొద్దు. మిమ్మల్ని ఎవరూ కలవలేదు, చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. ఒక మనిషి మీతో కనీసం అరగంట మాట్లాడి ఉంటేనే ఈ ఉత్తరానికి అర్థం ఉంటుంది.

## రాసేటప్పుడు

ఫీడ్‌బ్యాక్ అడిగితే కంపెనీలు ఎందుకు నోరు విప్పవు?

భయం. ఎందుకు తీసుకోలేదో రాతపూర్వకంగా చెబితే, దాన్ని పట్టుకుని వివక్ష చూపారని కేసు వేస్తారేమోనని కంపెనీ లాయర్లు హెచ్చరిస్తారు. అందుకే చాలా చోట్ల కారణాలు చెప్పకూడదనే నియమమే ఉంటుంది. దానికి తోడు, చెప్పినవాళ్లకు ఎదురయ్యే అనుభవం కూడా ఒకటుంది. ఒక మేనేజర్ మనసు పెట్టి రెండు సలహాలు రాస్తే, వాటిని ఖండిస్తూ మూడు పేజీల జవాబు వస్తుంది. ఆ తర్వాత ఆయన ఇంకెవరికీ రాయడు.

అంటే మీ ఉత్తరం చదివేటప్పుడు అవతలి మనిషి మనసులో రెండు ప్రశ్నలుంటాయి: ఇది చెబితే నాకు ఇబ్బందా, ఈ అభ్యర్థి నాతో వాదిస్తాడా. ఆ రెంటికీ కాదనే జవాబు మీ మాటల్లోనే దొరకాలి. ఎంత వినయంగా అడిగారన్నది ఆ తర్వాతి సంగతి.

మరి ఎలా అడిగితే చెబుతారు?

"నన్ను ఎందుకు తీసుకోలేదు?" అన్నది నిర్ణయం గురించిన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే మీ గురించే కాదు, ఎంపికైన మనిషి గురించి, జీతం గురించి, లోపల జరిగిన చర్చ గురించి కూడా చెప్పాలి. ఇవేవీ ఆయన బయటపెట్టలేడు. కాబట్టి మర్యాదగా ఒక ఖాళీ వాక్యం రాస్తాడు, లేదా ఊరుకుంటాడు.

"ఫీడ్‌బ్యాక్ ఏమైనా ఉంటే చెప్పండి" అన్నది చూడ్డానికి వినయంగానే ఉంటుంది గానీ, దానికి జవాబు రాయాలంటే ఇంటర్వ్యూ మొత్తాన్ని నెమరేసుకోవాలి. బిజీగా ఉన్న మనిషి దాన్ని రేపటికి వాయిదా వేస్తాడు. ఆ రేపు రాదు.

పనిచేసే ప్రశ్న చిన్నగా ఉంటుంది. అది మీ పనిలో ఒక భాగాన్ని మాత్రమే పట్టుకుంటుంది, ఆయన తన కళ్లతో చూసిన భాగాన్ని. జరిగిపోయినదానికి కారణం అడగదు, ఇకముందు దేన్ని మెరుగుపరుచుకోవాలో అడుగుతుంది. రెండు వాక్యాల్లో జవాబు చెప్పేయగలిగేలా ఉంటుంది. ఉదాహరణకు: "సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో నేను డేటాబేస్ ఎంచుకున్న తీరును ఇంకా ఎలా వివరించి ఉండాల్సింది?" దీనికి జవాబు చెప్పడంలో కంపెనీ రహస్యమేమీ లేదు. ఎవరినీ ఎవరితోనూ పోల్చనక్కర్లేదు.

నా లెక్కలో మొత్తం ఉత్తరంలో కష్టపడాల్సింది ఈ ఒక్క వాక్యం మీదే. మిగతావి ఎలాగోలా కుదురుతాయి. ఈ వాక్యం కుదరాలంటే, ఇంటర్వ్యూ అయిన రోజే ఎక్కడ తడబడ్డారో, ఏ ప్రశ్నను ఆయన రెండోసారి తిప్పి అడిగారో ఒక కాగితం మీద రాసుకుని ఉండాలి. ఇంటర్వ్యూయర్ ఒకే ప్రశ్నను మాటలు మార్చి మళ్లీ అడిగారంటే, మొదటి జవాబులో ఆయనకు కావాల్సింది దొరకలేదని.

ఒక మెయిల్ మొత్తం రాసి చూపిస్తారా?

ఊహించిన సందర్భమే తీసుకుందాం. ఒకామె డేటా అనలిస్ట్ పోస్టుకు నాలుగు రౌండ్లు పూర్తి చేసింది. చివరి రౌండ్‌లో కస్టమర్లు ఎందుకు వెళ్లిపోతున్నారనే అంశం మీద ఇరవై నిమిషాల ప్రజెంటేషన్. అందులో ఎక్కువ సమయం తను కట్టిన మోడల్ గురించే చెప్పింది. మేనేజర్ "అయితే సోమవారం నుంచి మా టీమ్ ఏం చేయాలి?" అని అడిగింది, కాసేపాగి ఇంకో రకంగా అదే అడిగింది. రెండుసార్లూ మోడల్ కచ్చితత్వం గురించే జవాబు వచ్చింది. రెండు రోజుల్లో రిజెక్షన్.

ఆమె మొదట రాసుకున్నది ఇలా ఉంది:

> మేడమ్, మీ మెయిల్ చూసి చాలా ఆశ్చర్యపోయాను. అన్ని రౌండ్లలో బాగా చేశాననే అనుకుంటున్నాను. నేను ఎందుకు ఎంపిక కాలేదో దయచేసి వివరంగా తెలపగలరు. ఇంకో అవకాశం ఇస్తే తప్పకుండా నిరూపించుకుంటాను.

ఇందులో ఒక్క తిట్టూ లేదు, అయినా జవాబు రాదు. "ఆశ్చర్యపోయాను", "బాగా చేశాననే అనుకుంటున్నాను" అనే మాటలు నిర్ణయం తప్పని చెబుతున్నాయి. "వివరంగా తెలపగలరు" అనడం మేనేజర్ మీద పెద్ద పని పెట్టడం. చివరి వాక్యం బతిమాలడం. మేనేజర్ ఇది చదివి, ఏం రాసినా వాదన మొదలవుతుందని పక్కన పెట్టేస్తుంది.

అదే ఉత్తరం మర్నాడు ఇలా మారింది:

> నమస్కారం మేడమ్,
>
> ఫలితం తెలియజేసినందుకు థాంక్స్. మీ నిర్ణయాన్ని అర్థం చేసుకున్నాను.
>
> చివరి రౌండ్‌లో మీరు "సోమవారం నుంచి ఏం చేయాలి" అని అడిగిన ప్రశ్న నాకు బాగా ఉపయోగపడింది. విశ్లేషణ ఎక్కడితో ఆగకూడదో దానివల్ల తెలిసింది.
>
> మీకు వీలైతే ఒక్క విషయం అడగాలనుంది. ఆ ప్రజెంటేషన్‌లో ఫలితాలను నిర్ణయాలుగా మార్చి చెప్పే భాగంలో, నేను ముందుగా మెరుగుపరుచుకోవాల్సింది ఏమిటి? ఒకటి రెండు వాక్యాలు చాలు. కంపెనీ నియమాల వల్ల చెప్పడం కుదరకపోయినా పర్వాలేదు, అర్థం చేసుకోగలను.
>
> మీరు, మీ టీమ్ ఇచ్చిన సమయానికి కృతజ్ఞతలు.

"నిర్ణయాన్ని అర్థం చేసుకున్నాను" అన్న చిన్న వాక్యం ఇక్కడ బరువు మోస్తోంది. వాదన ఉండదని ముందే చెప్పేసింది. థాంక్స్ కూడా గాల్లోది కాదు, ఆ మేనేజర్ నోటి నుంచి వచ్చిన ప్రశ్నను పేరుపెట్టి చెప్పింది. అలాంటి వాక్యం వంద మందికి కాపీ చేసి పంపేది కాదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. చెప్పకపోయినా పర్వాలేదన్న మాట తప్పుకోవడానికి దారి ఇస్తుంది. దారి ఉందని తెలిస్తే మనుషులు జవాబివ్వడానికే మొగ్గుతారు. నేను ప్యానెల్‌లో ఉన్నప్పుడు నాకూ అలాగే అనిపించేది.

మేనేజర్ దగ్గర్నుంచి ఇలాంటి జవాబు రావచ్చు: "మీ విశ్లేషణ గట్టిగా ఉంది. మొదటి స్లైడ్‌లోనే సిఫార్సు చెప్పి, మోడల్ వివరాలు చివర్లో పెట్టండి. అడిగితేనే తెరవండి." వెంటనే వాడుకోగల సలహా ఇది. "ఎందుకు ఎంపిక కాలేదు" అని అడిగి ఉంటే ఈ మాట వచ్చేదే కాదు.

మీ ఆఫీసు ఉత్తరాలు ఇంగ్లిష్‌లో నడిచేటట్టయితే ఇంగ్లిష్‌లోనే రాయండి, నడక ఇదే ఉంచి.

ఎంత పొడవు ఉండాలి? సబ్జెక్ట్ లైన్ ఏం పెట్టాలి?

ఫోన్ స్క్రీన్ మీద పెద్దగా కిందికి జరపకుండా చదవగలిగేంత. తొమ్మిది పది వాక్యాలు దాటితే కోయండి. పాత మెయిల్‌కే జవాబిస్తే `Re:` తో సబ్జెక్ట్ దానంతటదే వస్తుంది, మార్చొద్దు. కొత్తగా రాయాల్సి వస్తే పోస్టు పేరు, "ధన్యవాదాలు" అన్న మాట చాలు. "అర్జంట్", "మనవి" వద్దు.

బాధపడ్డానని రాయొచ్చా? అబద్ధంగా సంతోషం నటించలేను.

నటించక్కర్లేదు. "ఈ ఉద్యోగం రాలేదని నిరాశగానే ఉంది, అయినా మీతో మాట్లాడిన సమయం నాకు విలువైనది" అని ఒక్క వాక్యం రాయండి. అందులో నిజాయితీ ఉంది, చదివేవాళ్లకు ఇబ్బందీ లేదు. అక్కడితో ఆపండి. ఇంటి అప్పులు, ఎన్ని నెలలుగా ఖాళీగా ఉన్నారు, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు అన్నవి రాస్తే ఇంటర్వ్యూయర్ మీద అపరాధభావం మోపినట్టవుతుంది. ఆయన చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి మెయిల్ మూసేస్తాడు.

ముగ్గురు ఇంటర్వ్యూ చేశారు. ముగ్గురికీ ఒకే మెయిల్ పంపనా?

ఫీడ్‌బ్యాక్ ప్రశ్న ఒక్కరికే. ముగ్గురినీ అడిగితే వాళ్లు మాట్లాడుకుంటారు, ఎవరో ఒకరు జవాబిస్తారులే అని ముగ్గురూ ఊరుకునే ప్రమాదం కూడా ఉంది. మీ అనుమానం ఏ రౌండ్ మీద ఉందో ఆ రౌండ్ చేసినవాళ్లను ఎంచుకోండి. మిగతా ఇద్దరికీ నా కృతజ్ఞతలు చెప్పండి అని అదే మెయిల్‌లో ఒక ముక్క చేర్చితే సరిపోతుంది.

## పంపిన తర్వాత

వారమైంది, జవాబు లేదు. మళ్లీ గుర్తుచేయనా?

వద్దు. ఇది వాళ్లు చేసి తీరాల్సిన పని కాదు, మీరు అడిగిన సాయం. జీతం బకాయికో, పత్రాలకో గుర్తుచేసినట్టు దీనికి గుర్తుచేస్తే మొదటి ఉత్తరంలోని హుందాతనం పోతుంది. జవాబు రాకపోవడానికి మీ భాష కారణం కాకపోవచ్చు, వాళ్ల కంపెనీలో నియమం అలా ఉండొచ్చు. చాలా ఉత్తరాలకు జవాబు రాదు, అది ముందే లెక్కలో వేసుకోవాలి.

"మీకంటే సరిపోయే అభ్యర్థి దొరికారు" అని మాత్రమే రాశారు. దీన్నెలా అర్థం చేసుకోవాలి?

అర్థం వెతకొద్దు. అది అందరికీ వెళ్లే తయారు వాక్యం. అందులోంచి నా అనుభవం తక్కువైందేమో, వయసు ఎక్కువైందేమో అని ఊహలు అల్లితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. పనికొచ్చే ఫీడ్‌బ్యాక్‌కు ఒక గుర్తుంది. అది మీరు అన్న మాటనో, చేసిన పనినో ప్రస్తావిస్తుంది. అలాంటి ప్రస్తావన ఏదీ లేకపోతే అది జవాబు కాదు, మర్యాద. దానికి "తెలియజేసినందుకు థాంక్స్" అని రాసి వదిలేయండి.

ఫీడ్‌బ్యాక్ వచ్చింది గానీ అది పూర్తిగా తప్పు. నేను చెప్పిన విషయాన్నే చెప్పలేదన్నారు. సరిదిద్దొద్దా?

సరిదిద్దొద్దు. చాలామంది ఇక్కడే జారతారు. మీరు చెప్పడం నిజమే కావచ్చు, ఆయన నోట్స్‌లో అది లేకపోవడమూ నిజమే. ఈ రెండూ కలిపి చూస్తే ఒక సమాచారం దొరుకుతుంది: మీరు చెప్పింది అవతలివాళ్లకు చేరలేదు. బహుశా పెద్ద జవాబు మధ్యలో ఒక్క వాక్యంగా దాటిపోయి ఉంటుంది. తర్వాతి ఇంటర్వ్యూలో దాన్ని జవాబు మొదట్లో పెట్టండి.

ఆయనకు మాత్రం ఇలా రాయండి: "ఇంత స్పష్టంగా చెప్పినందుకు థాంక్స్. ఆ విషయాన్ని ముందుకు తెచ్చి చెప్పడం ప్రాక్టీస్ చేస్తాను." రెండు వాక్యాలు, అదే రోజు. "కానీ" అన్న మాట రాయబోతుంటే చెయ్యి ఆపండి. ఆ తర్వాత వచ్చేదంతా వాదనే. ఇంకో ప్రశ్న కూడా జోడించొద్దు. ఒక్క విషయమే అడుగుతానని చెప్పి రెండోది అడిగితే, ఆయన ఇచ్చిన సమయానికి విలువ ఇవ్వనట్టే.

ఒక మినహాయింపు ఉంది. మీ మతం, గర్భం, వైకల్యం, వయసు లాంటివి కారణమని జవాబులో కనపడితే అది ఫీడ్‌బ్యాక్ కాదు. ఆ మెయిల్‌ను దాచుకుని, జవాబు రాయకముందే ఉద్యోగ చట్టాలు తెలిసినవాళ్లను కలవండి.

ఇంటర్వ్యూ నోట్స్ చూపించమని అడిగే హక్కు ఉంటుందా?

మీరు దరఖాస్తు చేసిన దేశాన్ని బట్టి ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 15వ అధికరణం ప్రకారం, తన గురించి కంపెనీ దగ్గరున్న వ్యక్తిగత సమాచారం కాపీ అడగొచ్చు. మామూలుగా ఒక నెలలోపు జవాబివ్వాలి. పరీక్ష జవాబు పత్రం మీద పరీక్షకులు రాసిన వ్యాఖ్యలు కూడా అభ్యర్థి వ్యక్తిగత సమాచారమేనని ఆ యూనియన్ న్యాయస్థానం 2017లో తీర్పిచ్చింది. ఇంటర్వ్యూ నోట్స్ గురించి అడిగేవాళ్లకు ఆ తీర్పు బలం.

అయితే థాంక్స్ ఉత్తరంలో ఈ చట్టం పేరెత్తితే అది థాంక్స్ ఉత్తరం కాకుండా పోతుంది. ఆ క్షణం నుంచి మీకు జవాబిచ్చేది మేనేజర్ కాదు, లీగల్ విభాగం. అన్యాయం జరిగిందని గట్టి అనుమానం ఉంటేనే ఆ దారి, అదీ విడిగా.

అదే కంపెనీకి మళ్లీ ఎప్పుడు అప్లై చేయొచ్చు? ఆ మేనేజర్‌కు చెప్పాలా?

కొన్ని కంపెనీలు రిజెక్ట్ అయినవాళ్లను ఆరు నెలలో, ఏడాదో ఆగమంటాయి. ఆ గడువు ఎంతో రిక్రూటర్‌ను నేరుగా అడగొచ్చు, అది రహస్యం కాదు. కొత్త పోస్టు పడినప్పుడు మామూలుగానే దరఖాస్తు చేసి, మీకు ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన మేనేజర్‌కు పాత మెయిల్ కిందే మూడు వాక్యాలు రాయండి: దరఖాస్తు చేశానని, ఆరోజు ఆయన ఏం చెప్పారో, అప్పటి నుంచి దానిమీద మీరు చేసిన పని ఏమిటో. "సిఫార్సు మొదట చెప్పమన్నారు, గత రెండు ప్రాజెక్టుల రిపోర్టులు అలాగే తయారుచేశాను" అన్నంత కచ్చితంగా ఉండాలి. చూపించడానికి అలాంటిదేమీ లేకపోతే మెయిల్ రాయకుండా దరఖాస్తు మాత్రం పంపండి.